అప్‌డేట్: ఎల్బోలో వంపు లేకపోవడానికి, సిల్హౌట్ 6 అనడానికి కారణం తెలిసింది

నా ప్రశ్న: “డెలివరీ చిరునామాలను k గుంపులుగా విడదీయడానికి కె-మీన్స్ నడిపితే ఎల్బో గ్రాఫ్‌లో వంపు రావడం లేదు, సిల్హౌట్ మాత్రం k = 6 అంటోంది. దేన్ని నమ్మాలి?”

చిరునామాలను మ్యాప్‌పై పరచి చూశాను. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంట సుమారు 8 కిలోమీటర్ల పొడవైన పట్టీ ఒకటి, దాని కొసకు 2 కిలోమీటర్ల దూరంలో చిన్న గుత్తి ఒకటి కనిపించాయి. అంటే కంటికి కనిపించేవి రెండే గుంపులు. కె-మీన్స్ ప్రతి బిందువునూ దగ్గరి కేంద్రానికే అప్పగిస్తుంది కనుక పొడవైన పట్టీని ముక్కలుగా కోస్తుంది. కోసిన ప్రతిసారీ బిందువులకు తమ కేంద్రాలతో ఉన్న వర్గ దూరాల మొత్తం మరికొంత తగ్గుతూనే ఉండడం వల్ల, k పెరిగే కొద్దీ ఆ మొత్తం ఎలా తగ్గుతుందో చూపే ఎల్బో గ్రాఫ్‌లో స్పష్టమైన వంపు రాలేదు.

నన్ను ఎక్కువగా తప్పుదారి పట్టించింది సిల్హౌట్. ప్రతి బిందువుకూ సొంత గుంపుతో ఉన్న సగటు దూరం a ని, అతి దగ్గరి పక్క గుంపుతో ఉన్న సగటు దూరం b ని పోల్చే స్కోరు అది. గుత్తికి దగ్గరగా ఉన్న పట్టీ కొసలోని బిందువుకు సొంత గుంపుతో సగటు దూరం దాదాపు 4 కిలోమీటర్లు, పక్క గుత్తితో 2 కిలోమీటర్లు. కాబట్టి దాని స్కోరు ఇలా వస్తుంది:

```
(b - a) / max(a, b) = (2 - 4) / 4 = -0.5
```

సరైన విభజనలోని బిందువుకే రుణ స్కోరు వచ్చిందన్నమాట. సిల్హౌట్ కూడా గుండ్రని, బిగువైన గుంపులనే మెచ్చుకుంటుంది కనుక కె-మీన్స్ చేసిన పొరపాటును అది పట్టివ్వలేదు. సగటు స్కోరుతో సరిపెట్టుకోకుండా బిందువుల వారీగా చూసి ఉంటే ఈ సంగతి ముందే తెలిసేది.

అక్షాంశ రేఖాంశాలను మీటర్లలోకి మార్చి, దట్టంగా ఉన్న పక్క పక్క బిందువులను కలుపుతూ గుంపులు కట్టే డీబీస్కాన్‌ను 300 మీటర్ల వ్యాసార్థంతో నడిపితే పట్టీ ఒకే గుంపుగా వచ్చింది. అయితే డెలివరీ కుర్రాళ్లకు ప్రాంతాలు పంచడానికి మాత్రం పట్టీని కోయడమే మాకు కావాలి. అందుకు కె-మీన్స్‌నే ఉంచి, k విలువను కుర్రాళ్ల సంఖ్యను బట్టి నిర్ణయించాను.