షెల్‌ఫిష్‌ని "గుల్లచేప" అనొచ్చా?

సుధ: అలర్జీల మీద ఒక కరపత్రం తెలుగులోకి మారుస్తున్నాను. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పల్లాంటివాటి వల్ల వచ్చే "షెల్‌ఫిష్ అలర్జీ" అన్నచోట నాకంటే ముందు చేసినవాళ్లు "గుల్లచేపల అలర్జీ" అని పెట్టారు. దాని కిందే "చేపల అలర్జీ" అని వేరే వరుస ఉంది. చదివేవాళ్లు గుల్లచేప కూడా చేపల్లో ఒక రకమేలే అనుకుంటారేమోనని నా అనుమానం. ఇంకేదైనా మంచి మాట ఉందా?

వెంకట్: చేపల మార్కెట్లో అమ్మేదంతా చేపే కదండీ. మరీ అంత పట్టింపు ఎందుకు?

మూర్తి: ఇక్కడ పట్టింపు ఉండాలండీ. రొయ్య చేపకంటే బొద్దింకకి దగ్గర చుట్టం. రొయ్య పడనివాళ్లలో ఎక్కువమందికి గొడవ తెచ్చేది దాని కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. పీతలోనూ దాదాపు అలాంటిదే ఉంటుంది కాబట్టి రొయ్య పడనివాళ్లకి చాలాసార్లు పీత కూడా పడదు. చేప అలర్జీకి ముఖ్య కారణం పార్వాల్బుమిన్ అనే ఇంకో ప్రొటీన్. ఆ రెంటికీ పోలిక లేదు, అందుకే రొయ్య తింటే మూతి వాచే మనిషి చేప తిని హాయిగా ఉండగలడు. చేపలోనూ ట్రోపోమయోసిన్ ఉంటుంది, ఆ మాటకొస్తే మన ఒంట్లోనూ ఉంటుంది, కానీ వెన్నెముక ఉన్న జీవులది మనదానికి బాగా దగ్గరగా ఉంటుంది కనక ఒళ్లు మామూలుగా దాన్ని పరాయిదనుకోదు.

రమణి: నాకూ రొయ్యలు పడవు. తిన్న రాత్రంతా కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు. మా ఆయన నీకు అలర్జీ అంటారు.

మూర్తి: చూశారా సుధగారూ, "గుల్లచేప" కంటే ఈ "పడదు" ఇంకా పెద్ద చిక్కు. అరగకపోయినా పడదంటాం, వాసన గిట్టకపోయినా పడదంటాం, ఊపిరాడక ఆస్పత్రికి పరిగెత్తినా పడదనే అంటాం. రమణిగారూ, దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం, వాంతి లాంటివేమీ లేకుండా ఉత్త ఉబ్బరమే అయితే అది అలర్జీ కాకపోవచ్చు. డాక్టర్ని అడిగి తేల్చుకోండి.

నసీమా: నా సంగతి చెప్తాను, ఈ మాటల తికమక వల్లే ఏడాదిన్నర చేప మానేశాను. మొదట రొయ్యలు తిన్న పావుగంటకి పెదాలు వాచి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి. కొన్ని నెలల తర్వాత బయట వేయించిన చేప తింటే మళ్లీ అదే. చీటీ మీద "సీఫుడ్ అలర్జీ" అని రాసిచ్చారు, అంతే, సముద్రంలో ఉన్నదంతా బంద్. తర్వాత ఇంకో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న ఏంటంటే, ఆ చేపని వేయించిన నూనెలో అంతకుముందు రొయ్యలు వేయించారా అని! చర్మం మీద పరీక్ష చేస్తే రొయ్యకీ పీతకీ దద్దు లేచింది, చేపకి ఏమీ లేదు. అయినా నేరుగా తినెయ్యమనలేదు, ఆస్పత్రిలోనే కూచోబెట్టి కాస్త కాస్తగా చేప పెట్టి గమనించారు. ఏమీ కాలేదు. ఇప్పుడు ఇంట్లో చేప తింటాను, బయట వేపుడు మాత్రం ముట్టను.

వెంకట్: బాగా మరిగించిన నూనెలో ఆ ప్రొటీన్ ఇంకా మిగులుతుందా? వేడికి ప్రొటీన్లు చెడిపోతాయి కదా.

మూర్తి: చాలా ప్రొటీన్ల విషయంలో మీ మాట నిజమే. ట్రోపోమయోసిన్ మాత్రం వేడికి లొంగని ఘటం. రొయ్యలు ఉడికించిన నీళ్లలోకీ దిగుతుంది, ఆ ఆవిరి పీల్చినా కొందరికి ఉబ్బసం వస్తుంది. పార్వాల్బుమిన్ కూడా మామూలు వంటకి తట్టుకుంటుంది, కానీ డబ్బాల్లో పెట్టే చేపని చాలా ఎక్కువ వేడిలో ఉంచుతారు కాబట్టి చేప అలర్జీ ఉన్న కొందరు దాన్ని మాత్రం తినగలుగుతారు. ఎవరూ ఇంట్లో ప్రయోగం చెయ్యకండి బాబూ.

నసీమా: ఇంకో వింత, నాకు ఇంటి దుమ్ములోని పురుగుకి కూడా దద్దు లేచింది.

మూర్తి: దాంట్లోనూ ట్రోపోమయోసిన్ ఉంటుంది. అందుకే కొందరికి రొయ్య తింటే ఏమీ కాకపోయినా పరీక్షలో మాత్రం దద్దు లేస్తుంది. దద్దు ఒక్కటీ చూసి అలర్జీ అని తేల్చరు, తిన్నప్పుడు ఏమైందో కూడా కలిపి చూడాలి.

సుధ: అయితే "రొయ్య, పీత జాతి" అని రాసేస్తాను. మరి నత్తలు, ఆల్చిప్పలు, స్క్విడ్? ఇంగ్లీషు షెల్‌ఫిష్‌లో అవీ ఉన్నాయి.

మూర్తి: వాటిని ఇంకో వరుసలో పెట్టండి. వాటి ట్రోపోమయోసిన్ రొయ్యదానికి కొంత దూరం, అందుకని రొయ్య పడనివాళ్లలో కొందరు అవి తినగలరు, కొందరు తినలేరు, ముందే చెప్పలేం. ఐరోపా లేబుళ్ల నిబంధనల్లో కూడా చేపలు, రొయ్య పీత జాతి, నత్త జాతి అని మూడూ విడివిడిగానే ఉంటాయి.

వెంకట్: స్క్విడ్‌కి పైన గుల్లే లేదు కదా, దాన్ని నత్త జాతి అంటే ఎవరు నమ్ముతారు?

సుధ: అదే ఆలోచిస్తున్నా. ప్రస్తుతానికి "నత్తలు, ఆల్చిప్పలు, స్క్విడ్" అని మూడు పేర్లూ రాసేశాను. "గుల్లచేప" కొట్టేశాను.

రమణి: నేను పీత తినొచ్చా మరి?