ముగింపులో 'నువ్వు' అనిపించాలా, 'మీరు'తోనే ఆపాలా?

తొలిచిత్తు: కథ రాస్తున్నాను. లెక్కల మాస్టారు నెలలో రిటైరవుతారు. ఎనిమిదో తరగతిలో ఆయన చేతి మీద కొట్టిన అమ్మాయి ఇప్పుడు అదే స్కూల్లో సైన్సు టీచరు. ఆయనకది గుర్తులేదు. స్టాఫ్‌రూమ్‌లో ఆమెను "మీరు" అంటారు, ఆఖరి వాక్యంలో "నువ్వు" అంటారు. నాటకంలా ఉందని స్నేహితురాలు అంది. మార్చాలా? మొదటి మూడు పేరాలు విడిగా జతచేశాను.

గాలివాటు: ముగింపు కాదు, కథంతా మార్చాలి. కొట్టినవాడు మర్చిపోతాడు, తిన్నవాళ్లకే గుర్తు. ఆమె వైపు నుంచి చెప్పండి. మాస్టారి వైపు కథే లేదు.

పాతసిరా: మర్చిపోతాడన్నది నిజమే, కానీ కథ అక్కడే ఉంది. ఆయన సుద్దముక్క అందించబోతే ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంటుంది అనుకోండి. సుద్ద పడదేమో అనుకుని, మర్నాటి నుంచి ఆమె నల్లబల్ల కూడా తనే తుడుస్తాడు. పాఠకుడికి తెలిసింది ఆయనకు తెలియదు. ఆ సందు చాలు.

మీ పేరాల్లో నాకు తగిలింది వేరే. మొదట "ఆయన రిజిస్టరు తెరిచారు", మూడో పేరాలో "అతను కళ్లజోడు తుడుచుకున్నాడు". "ఆయన" అన్నప్పుడు శిష్యురాలు చూస్తున్నట్టుంది, "అతను" అనగానే మాస్టారి లోపలికి వెళ్లాం. మన భాషలో క్రియ కూడా పట్టిచ్చేస్తుంది, దాచలేం. ఆయన లోపలే ఉండదలిస్తే, పైకి "మీరు" అంటూనే మనసులో ఒక్కసారి "ఈ పిల్ల" అనుకోనివ్వండి. ఇక ఆఖర్న "నువ్వు" అక్కర్లేదు.

తొలిచిత్తు: వయసుకు మర్యాదగా కథకుడే "ఆయన" అనకూడదా?

పాతసిరా: అనొచ్చు, చాలామంది అంటారు. అయితే చివరిదాకా అనాలి.

విశ్రాంతమాస్టారు: నా దగ్గర చదివినవాడే నాకు హెడ్మాస్టరుగా వచ్చాడు. సెలవు చీటీ పట్టుకెళ్లి "సార్" అన్నాను. వాడు లేచి నిలబడ్డాడు. సంతకం సంగతి ఇద్దరం మర్చిపోయాం. తర్వాత పిల్లల ముందు "సార్", గదిలో "ఒరేయ్". కాబట్టి "నువ్వు" నాటకమేమీ కాదమ్మా. అమ్మాయి అయ్యుంటే అంత సులువుగా పిలిచేవాణ్నో కాదో మరి.

ముక్కుసూటి: పిల్లల్ని కొట్టినవాణ్ని మంచివాడిగా చూపించే కథలు ఇంకా ఎందుకు?

గాలివాటు: ప్రశ్న పిలుపు గురించండీ.

ముక్కుసూటి: పిలుపు గురించే అంటున్నా. కొట్టిన సంగతి గుర్తులేదు, క్షమాపణ లేదు, చనువు మాత్రం కావాలా?

పాతసిరా: ఇది నాకు తట్టలేదు. విశ్రాంతమాస్టారి విషయంలో శిష్యుడు ముందు లేచి నిలబడ్డాడు, ఆ తర్వాతే "ఒరేయ్". మీ కథలో ఆమె ఎక్కడైనా "నన్ను మీరు అనకండి మాస్టారూ" అందా?

తొలిచిత్తు: ఇప్పుడే మళ్లీ చదివాను. అనలేదు. అనిపించాలని కూడా లేదు నాకు.