డెలివర్డ్ అని చూపిస్తోంది, కస్టమర్ అందలేదంటోంది: సంతకం కాగితం ఎట్లా అడగాలి?

ఉదయగిరి గరిటెలు: 14న నెల్లూరు బ్రాంచిలో హైదరాబాద్‌కి చెక్క గరిటెల సెట్టు వేశాను, 2,600 రూపాయల సరుకు. ట్రాకింగ్‌లో 17న మధ్యాహ్నం 12:40కి డెలివర్డ్ అని ఉంది. ఆమేమో నాకు రాలేదు, డబ్బులు వెనక్కి వెయ్యండి అంటోంది. బ్రాంచికి పోతే అదే ట్రాకింగ్ ఫోన్లో చూపించి పంపించేశారు. ఇప్పుడేం చెయ్యాలి?

పొదలకూరు రోడ్డు: పార్సిల్ రాకపోతే ముందు అమ్మినవాళ్ళని పట్టుకోండి.

ఉదయగిరి గరిటెలు: అమ్మింది నేనే సామీ.

ఒంగోలు బట్టల కొట్టు: రసీదు ఉందిగా తమ్ముడూ. సరైన అడ్రసుకి పంపితే అందినట్టే లెక్క అని చట్టంలోనే ఉంది, టెన్షన్ పడొద్దు.

కావలి పాత బుకింగ్ క్లర్కు: అన్నా, అది రిజిస్టర్డ్ పోస్టులో పంపే నోటీసుల సంగతి. కొరియర్ రసీదు మనం సరుకు ఇచ్చామని చెబుతుందే గానీ ఆమె తీసుకుందని చెప్పదు.

తమ్ముడూ, నోటితో అడిగితే ట్రాకింగే చూపిస్తారు. రసీదు మీదున్న డాకెట్ నంబరు, బుక్ చేసిన తేదీ, ఆమె పేరు, పిన్‌కోడ్ రాసి, "సంతకం ఉన్న పీవోడీ కాపీ కావాలి, కస్టమర్ అందలేదంటున్నారు" అని బ్రాంచికీ కస్టమర్ కేర్‌కీ ఒకే మెయిల్ పెట్టు. పీవోడీ అంటే సరుకు అందినట్టు సంతకం పెట్టించుకున్న కాగితం. డెలివరీ బాయ్ ఆరోజు పట్టుకెళ్ళిన రన్ షీట్‌లో నీ డాకెట్ ఉన్న పేజీ కూడా అడుగు. ఓటీపీతో ఇచ్చి ఉంటే అది ఏ నంబరుకి పోయిందో అడుగు. ఆలస్యం చెయ్యొద్దు, ఆ షీట్లు కట్టలు కట్టి అవతల పడేస్తే వెతికేవాడుండడు. వచ్చాక సంతకం ఒక్కటే చూడబాక, ఎవరు తీసుకున్నారు, ఫోన్ నంబరు రాశారా, పైనా కిందా వరసల్లో రాత ఒకటేనా అని చూడు. పది ఇళ్ళకీ ఒకే చేత్తో సంతకాలుంటే బాయే గీకేసినట్టు.

ఒంగోలు బట్టల కొట్టు: నాకిదంతా ఎందుకని ఆర్టీసీ కార్గోలో వేస్తా, కస్టమర్లే వచ్చి తీసుకుంటారు.

ఉదయగిరి గరిటెలు: ఐదోరోజుకి స్కాన్ వచ్చింది. పేరు దగ్గర "సెక్యూరిటీ" అని ఉంది, ఫోన్ నంబరు లేదు. ఆమెని అడిగితే మాది సొంతిల్లు, వాచ్‌మన్ ఎవరూ లేరంటోంది.

కావలి పాత బుకింగ్ క్లర్కు: అయితే వేరే చోట ఇచ్చేసినట్టుంది. ఆమె చేత "సొంతిల్లు, వాచ్‌మన్ లేడు" అని వాట్సాప్‌లో రాయించుకుని, స్కాన్‌తో కలిపి మళ్ళీ మెయిల్ పెట్టు, బాయ్ ఎక్కడిచ్చాడో వెళ్ళి వెతకమను. పార్సిల్ దొరకొచ్చు కూడా. దొరక్కపోతే సరుకు విలువ అడుగు. డాకెట్ మీద విలువ రాయించావా?

ఉదయగిరి గరిటెలు: లేదన్నా.

కావలి పాత బుకింగ్ క్లర్కు: అక్కడే చిక్కు. వెనక సన్నక్షరాల్లో తక్కువ మొత్తానికే బాధ్యత అని ఉంటుంది, అదే చూపిస్తారు.

ఒంగోలు బట్టల కొట్టు: మరి ఆమెకి డబ్బులు ఇప్పుడే వెయ్యాలా, కొరియర్ వాళ్ళు తేల్చిందాకా ఆగాలా?

కావలి పాత బుకింగ్ క్లర్కు: నేనైతే ఇచ్చేస్తా. వాళ్ళతో తగాదా నీది, ఆమెది కాదు.

ఒంగోలు బట్టల కొట్టు: నేనియ్యను. వెతికేలోపు పార్సిల్ ఆమె ఇంటికే చేరితే?