తమ్ముడి రైలు ప్రయాణానికి పాటలు: ఏ స్టేషన్‌కి ఏది?

ప్రొద్దుటూరు అక్క
తమ్ముడు పూణే నుంచి పండక్కి వస్తున్నాడు. ఎర్రగుంట్లలో దిగాలి. పోయినసారి "తొమ్మిదికి ఈ పాట, పదికి ఈ పాట" అని టైము ప్రకారం రాసిచ్చాను. రైలు మూడు గంటలు లేటయింది. మా ఊరి పాట వినేసరికి వాడింకా రాయచూరే చేరలేదు. అందుకే ఈసారి స్టేషన్ల ప్రకారం రాశాను:

"చిన్నోడా, తుంగభద్ర వంతెన మీద 'లాహిరి లాహిరి లాహిరిలో' పెట్టు. తాడిపత్రిలో 'కలవరమాయే మదిలో'. ముద్దనూరు రాగానే 'ఆకాశవీధిలో'. అది అయ్యేలోపు బ్యాగు కిందికి దించుకో. నాయన స్టేషన్ బయటే ఉంటాడు."

గుంతకల్లు నుంచి తాడిపత్రి దాకా ఖాళీగా ఉంది. ఏం పెట్టమంటారు?

గుత్తి పిల్లోడు
భలే కుదిరిందక్కా. 'కలవరమాయే' ఉన్న 'పాతాళభైరవి', 'ఆకాశవీధిలో' ఉన్న 'మల్లీశ్వరి' రెండు సినిమాలూ 1951లో వచ్చినవే, రెండూ మన తాడిపత్రి కె.వి.రెడ్డి గారు తీసినవే.

పాత పాటల పెద్దాయన
సంవత్సరం సరే గానీ నాయనా, 'మల్లీశ్వరి' బి.ఎన్.రెడ్డి గారిది. ఆయనది పులివెందుల వైపు. ముద్దనూరులో దిగి పులివెందులకు పోతాం కాబట్టి ఆ పాట అక్కడ పెట్టడం నాకు చాలా నచ్చింది.

ఒక మార్పు మాత్రం చెయ్యమ్మా. స్లీపర్లో కిటికీ తెరిచి ఉంటే వంతెన మీద ఇనుప మోతకు మెత్తని పాట వినపడదు. 'లాహిరి' మొదట్లోనే మునిగిపోతుంది. నది దాటి, చప్పుడు మామూలయ్యాక పెట్టమను. సౌండు పెంచి వింటే చెవులకే నొప్పి.

కడప కోడలు
ఎర్రగుంట్లలో బండి ఎక్కువసేపు ఆగదు. కడపలో దిగితే ప్రొద్దుటూరుకు బస్సులు బోలెడు. టికెట్ అక్కడికి తీసుకోమనండి.

ప్రొద్దుటూరు అక్క
టికెట్ ఎప్పుడో తీశాడండీ, నేనడిగేది పాటల గురించి.

అనంతపురం నాన్న
మా అమ్మాయి ఇట్లాగే లింకులు పంపింది. గుంతకల్లు దాటాక సిగ్నల్ పోయి ఒక్కటీ మోగలేదు. పాటలన్నీ ముందే ఫోన్లోకి దించుకోమనండి. ఆ ఖాళీలో ఘంటసాల పద్యాలు పెట్టండి.

గుత్తి పిల్లోడు
పద్యాలు వింటే నిద్రొస్తుందన్నా, స్టేషన్ దాటిపోతాడు.

పాత పాటల పెద్దాయన
నిద్రొస్తే రానీ, తాడిపత్రి నుంచి ఎర్రగుంట్లకు ఇంకా దాదాపు గంట ఉంటుంది. కానీ మూడు నిమిషాల పాట ఎవర్నీ లేపదు. తాడిపత్రిలో ఫోన్ చేసి నువ్వే లేపు తల్లీ.

ప్రొద్దుటూరు అక్క
వంతెన లైను మార్చాను: "తుంగభద్ర దాటి చప్పుడు తగ్గాక 'లాహిరి'." తాడిపత్రికి నేనే ఫోన్ చేస్తాను. పద్యాల సంగతి వాణ్ణే అడుగుతా.