గండికోట ఫొటోను చదరం చేస్తే అవ్వ పోతోంది, అవ్వను ఉంచితే లోయ పోతోంది

గ్రిడ్‌కొత్త: ఫొటో 1920×1080. ఎడమ చివర అవ్వ కుర్చీలో, పక్కన వరుసగా మేం ఆరుగురం, కుడి చివర అక్క కొడుకు. వాడి అవతల ఫొటో అంచు దాకా పెన్నా లోయ. ఇన్‌స్టాగ్రామ్ గ్రిడ్‌కు చదరంగా కావాలి, ఎవరి తలా తెగకూడదు. ఎలా?

ఒకే_క్లిక్: ఫోను తనంతట తానే మధ్యభాగాన్ని చదరం చేస్తుంది. ఇంత ఆలోచన దేనికి?

పాత_స్టూడియో: ఆలోచించకపోతే అవ్వ పోతుంది. 1920లో 1080 ఉంచితే 840 పోతుంది, అంటే రెండు వైపులా 420 చొప్పున. గ్రిడ్‌కొత్త గారూ, ఫొటోను కంప్యూటర్‌లో తెరిచి, రెండు చివరల తలలు ఎడమ అంచు నుంచి ఎన్నో పిక్సెల్ దగ్గర ఉన్నాయో చూసి చెప్పండి.

గ్రిడ్‌కొత్త: అవ్వ తల 230 నుంచి 320. పిల్లవాడిది 1185 నుంచి 1270.

పాత_స్టూడియో: అయితే తలల వరుస 1040. చదరం 1080. నలభై మిగులుతోంది కాబట్టి తలలన్నీ పడతాయి. కోత 210 దగ్గర మొదలుపెట్టండి. అవ్వ కుర్చీ చేయి కొంచెం తెగుతుంది, తెగనివ్వండి. ఫోనులో చేస్తే పక్కకు మాత్రమే జరపండి. వేళ్లతో పెద్దది చేశారంటే చదరం 1080 కన్నా తగ్గిపోతుంది, అప్పుడు చివరి తలలే కాదు, నిలబడిన వారి నుదుళ్లూ పోతాయి. కంప్యూటర్‌లో అయితే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌తో ఈ ఆదేశం ఇవ్వండి:

```
magick gandikota.jpg -crop 1080x1080+210+0 +repage chadaram.jpg
```

పెన్నాగట్టు: లోయ ఏమైంది? గండికోట దాకా వెళ్లి లోయ లేని ఫొటో పెడతారా? అది పెరట్లో తీసినట్టే ఉంటుంది.



పాత_స్టూడియో: పెన్నాగట్టు గారూ, ఎనిమిది తలలూ లోయా కలిసి 1080లో పట్టవు. కొలతే ఒప్పుకోదు.

పెన్నాగట్టు: మొత్తం ఫొటోను చిన్నది చేసి పైనా కిందా తెలుపు పెట్టండి. పట్టకపోవడం ఏముంది?

పాత_స్టూడియో: పడుతుంది. 1080 వెడల్పుకు కుదిస్తే ఎత్తు 608 అవుతుంది, తొంభై పిక్సెళ్ల అవ్వ తల యాభైకి వస్తుంది. గ్రిడ్‌లో ఆ బొమ్మ ఫోను తెరలో మూడో వంతు వెడల్పే. అందులో అవ్వ ఎవరో, అత్త ఎవరో పోల్చుకోలేరు.

పెన్నాగట్టు: పోల్చుకోకపోతే ముట్టుకుని పెద్దది చేసి చూస్తారు. మీకు లోయంటే లెక్క లేదు.

కడపకారం: పాత_స్టూడియో అన్నా, “కుర్చీ చేయి తెగనివ్వండి” అన్నారే, అక్కడే మొదలవుతుంది. మా చెల్లెలి పెళ్లి ఫొటోల్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు మధ్యలో ఉన్నారని చదరం కోశారు. చివర నిలబడిన మా నాన్న భుజం మాత్రం మిగిలింది. ఫొటోలు తీసినతన్ని అడిగితే “ముఖ్యమైన వాళ్లు వచ్చారు కదా” అన్నాడు.

పాత_స్టూడియో: నేను కుర్చీని కోశాను, మనిషిని కాదు. ఎవరో చేసిన పనికి నన్ను నిలదీస్తారేమిటి?

కడపకారం: ఎవరు ముఖ్యమో కోసేవాడే తేల్చేస్తాడు, అదీ నా బాధ. ఈయనకు లోయ ముఖ్యం, మీకు తలలు ముఖ్యం. ఆ ఇంటివాళ్లను అడిగారా?

నిలువుగీత: కోపాలు ఆపి ఒక సంగతి చూడండి. 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ గ్రిడ్ చదరం కాదు, 3:4 నిలువు. చదరపు ఫొటో పెడితే గ్రిడ్‌లో దాని మధ్య 810 పిక్సెళ్లే కనిపిస్తాయి, రెండు పక్కలా 135 చొప్పున దాగిపోతాయి. పాత_స్టూడియో గారి కోతలో కనిపించేది అసలు ఫొటో 345 నుంచి 1155 దాకా. అవ్వ తల 320కే అయిపోతుంది, పిల్లవాడిది 1185 దగ్గర కానీ మొదలుకాదు. ఇద్దరూ లేరు.

పాత_స్టూడియో: ... ఇది నేను చూసుకోలేదు. ఒప్పుకుంటున్నాను. చదరాన్నే 1080×1440 కాన్వాస్‌పై పెడితే? పైన 180, కింద 180 ఖాళీ. పక్కల నుంచి గ్రిడ్ ఏమీ కోయదు.

```
magick chadaram.jpg -background white -gravity center -extent 1080x1440 niluvu.jpg
```

నిలువుగీత: సరిపోతుంది. తెలుపు కంటే ఆ ఫొటోలోని ఆకాశం రంగు వేస్తే పట్టీ కొట్టొచ్చినట్టు ఉండదు.

పెన్నాగట్టు: పైనా కిందా ఖాళీ పెట్టమని నేను మొదటే అన్నాను. నవ్వారు.

పాత_స్టూడియో: మీరు చెప్పింది మొత్తం ఫొటోకు. ఇక్కడ తలల సైజు తగ్గలేదు.

నిలువుగీత: లోయ కావాలంటే అదే పోస్టులో రెండో బొమ్మగా మొత్తం ఫొటోను అదే 1080×1440 కాన్వాస్‌పై పెట్టండి. గ్రిడ్‌లో కనిపించేది మొదటిదే.

పెన్నాగట్టు: రెండోది ఎవరు చూస్తారు?

గ్రిడ్‌కొత్త: అలాగే చేశాను, ఆకాశం రంగుతో. ఎనిమిది తలలూ ఉన్నాయి. కడపకారం గారి మాట విని, పెట్టే ముందు అవ్వకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, “లోయ ఏదిరా?” అంది.

పెన్నాగట్టు: అవ్వకు నా నమస్కారం చెప్పండి.