పొయ్యి పక్కనున్న తెరిచిన అరలపై జిడ్డు పేరుకోకుండా ఎలా సర్దుకోవాలి?

మా వంటగదిలో తలుపులు లేని చెక్క అరలు మూడున్నాయి, వాటిలో కింది అర పొయ్యికి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. రోజూ రెండు పూటలా వంట, అందులో వేపుళ్ళు ఎక్కువ కావడం వల్ల ఆవిరితో పాటు లేచే నూనె తుంపర అరలపై పలుచని పొరగా పరచుకొని, దానిపై దుమ్ము అంటుకుని, పది రోజుల్లోనే వేలికి జిగురుగా తగులుతోంది.

నేను గమనించినది ఏమిటంటే, రోజూ వాడి కడిగే పళ్ళేలు, గిన్నెలు శుభ్రంగానే ఉంటున్నాయి. అందం కోసం పెట్టిన పింగాణీ జాడీలే ముందుగా జిడ్డు పడుతున్నాయి. అందుకే వాటిని పొయ్యికి దూరంగా ఉన్న పై అరకు మార్చి, కింది అరలో నిత్యం వాడేవి మాత్రమే ఉంచాను. గాజు సీసాల్లోని మసాలా పొడులను కూడా అక్కడి నుంచి తీసేశాను, ఎందుకంటే వేడికి, వెలుతురుకు వాటి వాసన త్వరగా తగ్గిపోతుంది. గట్టు మీద నూనె సీసా, ఉప్పు డబ్బా, గరిటెల కుండీ అంచున్న ఒకే పళ్ళెంలో పెట్టడం వల్ల, దాన్ని ఎత్తి తుడవడం ఒక్క నిమిషం పనైంది.

మిగిలిన చిక్కు చెక్కదే. గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో తుడిస్తే జిడ్డు పోతోంది గానీ, నూనె పూత మాత్రమే ఉన్న ఆ చెక్క వెలిసిపోతోంది. దానికి వార్నిష్ వేయించడం మేలా, లేక కింది అరపై గాజు పలక పరచడం మేలా? పొగ లాగే ఫ్యాను వంట ముగిశాక కూడా కొంతసేపు నడిపితే అరలపై తేడా కనిపించిందా? ఇలాంటి అరలను కొన్నేళ్ళుగా వాడుతున్నవారు దయచేసి తెలియజేయగలరు.