క్రెడిట్ ఆఫీసర్ ఫిన్‌టెక్‌కు పోవాలంటే ప్రొఫైల్‌ల ఏం రాయాలె?

హన్మకొండ_క్రెడిట్: ప్రభుత్వ బ్యాంకుల ఆఫీసర్‌ను. చిన్న వ్యాపారులకు లోన్లిచ్చే ఫిన్‌టెక్‌ల ప్రాడక్ట్ ఉద్యోగం చూస్తున్న. ప్రొఫైల్‌ల "ఎనుమాముల మార్కెట్ మిర్చి వ్యాపారుల సీసీ ఖాతాల మంజూరు, రెన్యువల్, వసూలు" అని రాసిన. ఎవ్వరూ పిలుస్తలేరు. ఎట్ల మార్చాలె?

కాజీపేట_జంక్షన్: "లెండింగ్ ప్రాడక్ట్ ఓనర్" అని పెట్టు అన్నా. ఆ మాటలు లేకుంటే హెచ్‌ఆర్ చూడనే చూడదు.

పాత_మేనేజర్: పిలుపైతే వస్తది. "ఆ ప్రాడక్ట్‌ల నువ్వేం మార్చినవ్" అంటే ఏం చెప్తడు? తమ్ముడూ, నువ్వు రాసింది డ్యూటీ లిస్టు. వాళ్లకు నీ నిర్ణయం కావాలె. మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక జోరుగ వస్తది. వ్యాపారి లిమిట్ నిండా వాడి సరుకు కొంటడు, కోల్డ్ స్టోరేజీల పెట్టి ధర కోసం చూస్తడు. అప్పుడు ఖాతాల వడ్డీ మందమే జమ పడ్తది. నెలనెలా జమలు చూసే స్కోరుకు వాడు మునిగిపోతున్నట్టే కనిపిస్తడు. నువ్వేం చూసి రెన్యువల్ చేసినవ్?

హన్మకొండ_క్రెడిట్: స్టాక్ స్టేట్‌మెంటును స్టోరేజీ రసీదుతోని, జీఎస్టీ రిటర్న్‌తోని పోల్చి చూస్త సార్. సరుకు ఉన్నోడెవడో, అమ్ముకొని పైసలు వేరేదాంట్ల పెట్టినోడెవడో తెలుస్తది.

పాత_మేనేజర్: అదే రాయి. "సీజన్ వ్యాపారుల్లో జమలు తగ్గడాన్ని ఎగవేతగా పొరబడకుండా మూడు పత్రాలు సరిపోల్చే పద్ధతి పెట్టాను." పక్కన ఫలితం. కస్టమర్ పేర్లు మాత్రం వద్దు.

కాజీపేట_జంక్షన్: ఫలితమంటే "ఎన్‌పీఏ 40 శాతం తగ్గించాను" అని గొట్టు!

పాత_మేనేజర్: బ్రాంచి ఎన్‌పీఏ రైటాఫ్ చేసినా తగ్గుతది, ఓటీఎస్ చేసినా తగ్గుతది. అడిగేటోడికి గది తెల్వదా? 60 రోజులు దాటి ఎస్‌ఎంఏ-2ల పడ్డ నీ ఖాతాల్ల ఎన్ని ఎన్‌పీఏ కాకుండ మళ్ల రెగ్యులర్ అయినయో, అంతే రాయి.

నర్సంపేట_అక్క: నేను కూడ బ్యాంకు ఇడిసిపెట్టి పోయిన. ప్రాడక్ట్ అని తీసుకొని కలెక్షన్ ఫోన్ల మీద కూసోబెట్టిన్రు. జీతం సంగతి ముందు రాయించుకో తమ్మీ.

కాజీపేట_జంక్షన్: అక్కా, ఆయన అడిగింది ప్రొఫైల్ గురించి.

నర్సంపేట_అక్క: ప్రొఫైల్‌ల "వసూలు" అని ఉండబట్టే నన్ను అక్కడ ఏసిన్రు!

పాత_మేనేజర్: అక్క చెప్పింది నిజమే, ఆ మాట తీసెయ్. ఇంకొకటి. "పద్ధతి పెట్టాను" అనేముందు చెప్పు, మంజూరు సంతకం ఎవరిది?

హన్మకొండ_క్రెడిట్: మేనేజర్ది. రసీదు అడగాలని సర్క్యులర్ల ఉన్నది. జీఎస్టీతోని పోల్చుడు నేనే మొదలుపెట్టిన, కాయితం మీద ఏం లేదు.

కాజీపేట_జంక్షన్: చూసిన్రా! పని ఆఫీసర్ది, పేరు మేనేజర్ది. బ్రాంచిల అయిందే ఇక్కడ గూడ చేస్తున్నరు మీరు.

పాత_మేనేజర్: ఖాతా మునిగితే మెమో కూడ మేనేజర్‌కే వస్తది బాబూ. "సిఫారసు దశలో మొదలుపెట్టాను" అని రాస్తే పోయేదేంది?

కాజీపేట_జంక్షన్: సిఫారసు అంటే క్లర్కు అనుకుంటరు. నేనైతే రాయ.

హన్మకొండ_క్రెడిట్: "సిఫారసు" అనే పెడ్తున్న సార్. 60 దాటిన ఖాతాల లిస్టు సోమవారం తీస్త.